పూల్‌లో క్లోరిన్ లెక్క ఎక్కడ తప్పింది?

"60,000 లీటర్ల పూల్, కొత్తగా నింపిన నీళ్లు. క్లోరిన్ 2 పీపీఎం కావాలని 120 గ్రాముల పౌడర్ వేశాను. టెస్ట్‌లో 1.3 దగ్గరే ఆగింది. డబ్బా మీద 65% అని ఉంది."

మీ గుణకారం సరిగ్గానే ఉందండీ. పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము కాబట్టి 60,000 × 2 = 1,20,000 మిల్లీగ్రాములు, అంటే 120 గ్రాములు. కానీ అది అసలు క్లోరిన్ బరువు, పౌడర్ బరువు కాదు. 65% పౌడర్ 120 గ్రాములు వేస్తే అందేది 78 గ్రాములే. దాన్ని 60,000 లీటర్లకు పంచితే సరిగ్గా 1.3 వస్తుంది.

ఇప్పుడు మళ్లీ మొత్తం డోసు వేయకండి, లోటు మాత్రమే పూడ్చండి. 0.7 × 60,000 = 42,000 మిల్లీగ్రాములు, అంటే 42 గ్రాములు. దాన్ని 0.65తో భాగిస్తే దాదాపు 65 గ్రాముల పౌడర్. బకెట్‌లో ముందు నీళ్లు పోసి, తర్వాత పౌడర్ కొద్దికొద్దిగా వేసి కలపండి. పౌడర్ మీద నీళ్లు మాత్రం పోయొద్దు, చాలా ప్రమాదం. ఎండకు క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది, అందుకే సాయంత్రం పంపు ఆన్‌లో ఉంచి వేయండి. కొన్ని గంటలయ్యాక మళ్లీ టెస్ట్ చేసి, రీడింగ్ చూశాకే ఎవరినైనా దిగనివ్వండి.

అప్పటికీ 2 దగ్గరికి రాకపోతే లెక్క తప్పు కాదు. నీళ్లలోని నాచు, చెత్త క్లోరిన్‌ని తినేస్తూ ఉండొచ్చు.