గుంటంత పిక్సెల్‌తో ప్లాటు హద్దు తేలదు

ప్రశ్న: "మా కాలనీ పక్క చెరువు ఎంత ఆక్రమణకు గురైందో చూద్దామని సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం దించుకుని, క్యూజీఐఎస్‌లో నీటి పిక్సెళ్లను వెక్టర్‌గా మార్చాను. 200 గజాల మా ప్లాటు సగం చెరువులో పడుతోంది. రాస్టర్‌ను నమ్మాలా, వెక్టర్‌ను నమ్మాలా?" (హనుమకొండ పాఠకుడు)

జవాబు: వానలు మొదలైతే చాలు, ఊరి పేరు మాత్రమే మారి ఇదే ఉత్తరం మళ్లీ మళ్లీ వస్తోంది. రాస్టర్ అంటే పిక్సెళ్ల గళ్లతో కూడిన చిత్రం, వెక్టర్ అంటే బిందువులు, గీతలతో వేసిన హద్దు. మీ దగ్గరున్నది పేరుకే వెక్టర్. `Polygonize` పిక్సెళ్ల అంచుల వెంబడి గీత గీస్తుందే తప్ప, చిత్రంలో లేని సమాచారాన్ని తెచ్చిపెట్టదు. దగ్గరగా చూస్తే ఆ గీత మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ మెట్లను నున్నగా చేసి, సర్వేయర్ కొలిచిన హద్దులా చూపించడం నాకు బొత్తిగా నచ్చని పని. మెట్లు ఉన్నంతవరకు గీత ఎంత ముతకదో చూసేవారికి తెలుస్తుంది. నున్నబడ్డాక ఆ హెచ్చరిక కూడా చెరిగిపోతుంది.

సెంటినెల్-2 ఆకుపచ్చ, సమీప పరారుణ బ్యాండ్లలో ఒక్కో పిక్సెల్ 10 మీటర్ల చదరం, అంటే 100 చదరపు మీటర్లు. మన లెక్కలో గుంట 101 చదరపు మీటర్లు కాబట్టి, పిక్సెల్ అంటే దాదాపు ఒక గుంట. మీ 200 గజాలు 167 చదరపు మీటర్లే గనుక రెండు పిక్సెళ్లకు కూడా చాలవు. గుండ్రటి 40 ఎకరాల చెరువునే తీసుకున్నా, దాని అంచు గీత దాదాపు 180 పిక్సెళ్ల మీదుగా పోతుంది. వాటిలో కొంత నీరు, కొంత నేల కలిసి ఉంటాయి. అలా సందిగ్ధంలో ఉండే విస్తీర్ణమే నాలుగున్నర ఎకరాల దాకా వస్తుంది. మొత్తం నీటి విస్తీర్ణం లెక్కించేటప్పుడు ఒకచోట ఎక్కువైంది మరోచోట తక్కువై చాలావరకు సర్దుకుంటుంది. ఒక్క ప్లాటు విషయంలో అలా సర్దుకోవడానికి వేరే పిక్సెళ్లే ఉండవు.

అందుకే ఏ నెలలో నీరు ఎంత మేర నిలిచింది, ఏళ్ల తరబడి అది ఎలా మారింది అనే ప్రశ్నలకు రాస్టరే తగినది. ఆకుపచ్చ బ్యాండ్ B03, సమీప పరారుణ బ్యాండ్ B08 కాబట్టి రాస్టర్ కాలిక్యులేటర్‌లో ఈ సూత్రం సరిపోతుంది:

```
("B03@1" - "B08@1") / ("B03@1" + "B08@1")
```

సాధారణంగా ఫలితం సున్నా కంటే ఎక్కువైతే నీరని భావిస్తారు. అయితే గుర్రపుడెక్క పరుచుకున్నచోట ఆకులు సమీప పరారుణ కిరణాలను గట్టిగా పరావర్తనం చేస్తాయి కాబట్టి, కింద నీరున్నా పిక్సెల్ నేలగానే తేలుతుంది. ఎండాకాలంలో నీరు తగ్గి శిఖం బయటపడటం కూడా ఆక్రమణ కాదు. ఒక అక్టోబరును మరో అక్టోబరుతో పోల్చాలే గాని మే నెలతో కాదు.

ఇక ప్లాటు చెరువు హద్దులో ఉందా లేదా అన్నది పూర్తిగా వెక్టర్ ప్రశ్న. అక్కడ కావలసింది నీటి అంచు కాదు, ఎఫ్‌టీఎల్ గీత, అంటే మత్తడి దూకే మట్టానికి చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో చూపే గీత. ఆ గీతను ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల రాస్టర్ నుంచి లాగుదామని కొందరు చూస్తారు. వాలు నూటికి ఒకటి ఉన్న శిఖంలో ఎత్తు ఒక్క మీటరు తప్పితే గీత వంద మీటర్లు జరుగుతుంది. ఆ రాస్టర్లలో ఎత్తు కొన్ని మీటర్ల మేర తప్పడం మామూలే. మత్తడి మట్టం నుంచి లెవలింగ్ చేసి కొలిచిన బిందువులను, ప్లాటు మూలలను పాలిగాన్లుగా వేసి, రెండింటినీ మీటర్లలో కొలిచే నిర్దేశాంక వ్యవస్థ `EPSG:32644`లోకి మార్చి `Intersection` చేసి, వచ్చిన పాలిగాన్ విస్తీర్ణాన్ని లెక్కిస్తే చదరపు మీటర్లలో జవాబు వస్తుంది. ఆ మూలలను ఫోన్‌తో గుర్తించకండి. నాలుగైదు మీటర్ల తేడాతో స్థానం చూపే ఫోన్లు దశాంశ బిందువు తర్వాత ఎనిమిది అంకెలు చూపించడం బాధ్యత లేని డిజైన్, ఎందుకంటే ఆ అంకెలను నమ్మి పక్కవారితో తగాదాకు దిగేవారున్నారు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఈ వెక్టర్ ఫైళ్లు చేతులు మారే తీరు. నీటి రాస్టర్‌ను పంపితే పిక్సెళ్లు మాత్రమే వెళ్తాయి. ప్లాట్ల షేప్‌ఫైల్‌తో పాటు `.dbf` పట్టిక కూడా వెళ్తుంది. అందులో సర్వే నంబరు పక్కనే యజమాని పేరు, ఫోన్ నంబరు, ఒక్కోసారి ఆధార్ నంబరు కూడా ఉంటాయి. తెరపై గీతలే కనిపిస్తున్నాయి కదా అని దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు, ఫార్మాట్ మార్చే ఉచిత వెబ్‌సైట్లలో ఎక్కిస్తున్నారు. భూమి ఎవరిదో, వారికి ఎలా ఫోన్ చేయాలో ఒకేచోట దొరికితే నకిలీ కాగితాలు పుట్టించేవారికి అంతకు మించి అక్కరలేదు. ఫార్మాట్ మార్పు క్యూజీఐఎస్‌లోనే అవుతుంది. లేయర్‌ను `Save Features As` ద్వారా ఎగుమతి చేసేటప్పుడు సర్వే నంబరు తప్ప మిగతా నిలువు వరుసల టిక్కులు తీసేయండి; కొత్త ఫైలు పట్టికను తెరిచి చూసుకున్నాకే పంపండి.