నిలబడి కత్తితో కొడితే దెబ్బ గాల్లో తేలుతోంది, ఎందుకు?

"సార్, గేమ్‌ప్లే ప్రోగ్రామర్ ఉద్యోగాల కోసం యూనిటీలో కత్తి యుద్ధం డెమో చేస్తున్నాను. పరిగెడుతూ కొడితే బానే ఉంది, నిలబడి కొడితే మాత్రం దెబ్బ గాల్లో తేలుతున్నట్టుంది. ఆ క్లిప్ నుంచి దెబ్బ క్లిప్‌కి మారే బ్లెండ్ రెండింటికీ 0.1 అనే ఇచ్చాను. యానిమేషన్ మళ్లీ చేయించాలా?"

వద్దు తమ్ముడూ, యానిమేటర్‌ని కదిలించకు, తప్పు కోడ్‌లోనే ఉంది. నువ్వు CrossFade వాడి ఉంటావు. అందులో ఇచ్చే 0.1 సెకన్లు కాదు, ఇప్పుడు ఆడుతున్న క్లిప్ నిడివిలో పదోవంతు. పరుగు క్లిప్ సుమారు 0.7 సెకన్లు ఉంటుంది కాబట్టి బ్లెండ్ 0.07లో అయిపోతుంది. నిలబడే క్లిప్ ఊపిరి పీల్చి వదిలేంత పొడవు, 4 సెకన్లు అనుకో, అప్పుడు అదే 0.1 కాస్తా 0.4 సెకన్లు అవుతుంది.

ఈ 0.4లో ఏం పోతుందో చూడు. దెబ్బకి ముందు కత్తి వెనక్కి ఎత్తే పోజుకి మేం యానిమేటర్లం 30 ఎఫ్‌పీఎస్‌లో 6 ఫ్రేములు ఇచ్చామనుకుందాం, అంటే 0.2 సెకన్లు. ఆ పోజు పూర్తయ్యే క్షణానికి నీ బ్లెండ్ సగంలోనే ఉంటుంది, సగం నిలబడ్డ మనిషి, సగం కొట్టబోయే మనిషి. కత్తి తల వెనక్కి వెళ్లాల్సింది భుజం దగ్గరే ఆగిపోతుంది. బరువు కనిపించేదే ఆ పోజులో, అది స్క్రీన్ మీదికి రాకుండానే పోయింది. రెండు రోజులు కూర్చుని గీసినవాడికి కడుపు మండదా మరి!

```
animator.CrossFadeInFixedTime("Attack", 0.05f);
```

ఇది నిజంగానే సెకన్ల లెక్క. 60 ఎఫ్‌పీఎస్‌లో 3 ఫ్రేములు. ట్రాన్సిషన్ బాణాలు వాడుతుంటే ఇన్‌స్పెక్టర్‌లో Fixed Duration టిక్ పెట్టు, నిలబడే స్టేట్ నుంచి దెబ్బకి వెళ్లే బాణం మీద Has Exit Time తీసెయ్, లేకపోతే బటన్ నొక్కాక కూడా నిలబడే క్లిప్ ఆ సమయానికి చేరేదాకా దెబ్బ మొదలవదు. కానీ అన్నీ 0.05 చెయ్యకు, చాలామంది చేసే పొరపాటు ఇదే. దెబ్బ అయ్యాక తిరిగి నిలబడడానికి 0.2, 0.25 ఇవ్వొచ్చు, అక్కడ మెత్తదనమే బాగుంటుంది. సున్నా పెడితే ఒళ్లు టక్కున ఎగిరినట్టు కనిపిస్తుంది.

సరయిందో లేదో తెలియాలంటే Time.timeScale = 0.1f పెట్టి ఆటని నెమ్మది చేసి, కత్తి బాగా వెనక్కి వెళ్లిన చోట పాజ్ చేసి, ప్రివ్యూలో క్లిప్ పోజు పక్కన పెట్టి చూడు. రెండూ దాదాపు ఒకేలా ఉంటే బ్లెండ్ పని అయిపోయినట్టే. అప్పటికీ దెబ్బ మందకొడిగా అనిపిస్తే ఎత్తే ఫ్రేములే ఎక్కువయ్యాయని అర్థం, అప్పుడు యానిమేటర్ దగ్గరికి వెళ్లు.

పోర్ట్‌ఫోలియోలో ఈ రెండు పాజ్ బొమ్మలూ, పాతదీ కొత్తదీ, పక్కపక్కన పెట్టి కింద 0.4, 0.05 అని రాయి. ఇంటర్వ్యూలో నేనైతే ముందు దాని గురించే అడుగుతాను.