అన్ని సరుకులకూ క్రాస్ డాకింగ్ వద్దన్నా

"కర్నూలు గోడౌన్‌లో క్రాస్ డాకింగ్ మొదలుపెట్టినాం. ఖర్చు తగ్గకపోగా సరుకంతా డాక్ మీదే పేరుకుంటోంది. ఎందుకు?"

అన్నా, క్రాస్ డాకింగంటే వచ్చిన సరుకును ర్యాక్‌లో పెట్టకుండా డాక్ మీంచి నేరుగా బయటికెళ్లే బండ్లలోకి ఎక్కించడం. మీరేమో లారీ వచ్చినాక ఏ పెట్టె ఎవరికని చూసుకుంటున్నట్టున్నారు, చిక్కంతా అక్కడే. ఈ పద్ధతిలో మిగిలేది ర్యాక్‌కు ఎక్కించి మళ్లీ దించే కూలి. పెట్టె నేల మీద ఆగిపోతే ఆ మిగులు పోయినట్టే.

రోజూ కదిలే సబ్బులు, నూనెలకే పెట్టుకోండి. ముందురోజు సాయంత్రానికి ఆర్డర్లు ఖాయం కావాల. 300 పెట్టెల సబ్బు వస్తుందనుకోండి: ఆదోనికి 120, నంద్యాలకు 100, డోన్‌కు 80 అని సప్లయర్ దగ్గరే లేబుల్ అంటించి, ఊరి వారీగా లోడ్ చేయించండి. లారీ ఆరుకు వస్తే, ఆ ఊర్ల బండ్లు ఎదురు డాక్‌లో సిద్ధంగా ఉండాల.

లారీ తరచూ ఆలస్యమయ్యే సప్లయరైతే బండ్ల వెయిటింగ్ చార్జీలే మిగులును తినేస్తాయి. ఆ సరుకు, ఎప్పుడో ఒకసారి కదిలే సరుకు ర్యాక్‌కే పంపండి.