పెళ్లికొడుకు ఆకారంలో ఖాళీ: ఆల్బమ్ డిజైనింగ్ టెస్ట్ ఎక్కడ తప్పింది?

ప్రశ్న: బీకాం మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఫొటోషాప్ మూడు నెలలు నేర్చుకుని పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక స్టూడియోలో పార్ట్ టైమ్ పనికి వెళ్తే టెస్ట్ పెట్టారు. పెళ్లికొడుకు నిలబడ్డ ఫొటోలోంచి అతన్ని తీసేసి, ఆ ఖాళీలోంచి వెనక తలంబ్రాల ఫొటో కనపడేలా చేయమన్నారు. నేను పంపిన ఫైల్‌లో ఖాళీ తెల్లగా వచ్చిందట, అంచులు కూడా బాగాలేవన్నారు. డిగ్రీ ఆపేసి పెద్ద కోర్సులో చేరమంటారా? – ఒక విద్యార్థి, తణుకు

జవాబు: డిగ్రీ ఆపొద్దు. తెల్లదనం, అంచులు రెండూ కలిపి మీకు పది రోజుల సాధన. దానికి ఏడాది కోర్సు ఎందుకు?

ముందు ఆ తెల్లదనం సంగతి చూద్దాం. అది రెండు చోట్ల పుడుతుంది. ఎక్కడ పుట్టిందో కనిపెట్టడం తేలిక. పెళ్లికొడుకును తీసేశాక, సేవ్ చేయకముందు, స్క్రీన్ మీద ఆ చోట బూడిద, తెలుపు గళ్లు కనిపించాయా? కనిపించి ఉంటే మీ పని సరిగ్గానే జరిగింది, సేవ్ చేయడంలో పోయింది. జేపెగ్ ఫైల్‌కు పారదర్శకత అనేదే లేదు. ఖాళీని ఏదో ఒక రంగుతో నింపేస్తుంది, మామూలుగా తెలుపుతో. అలాంటి ఫైల్‌ను PSD గానో PNG గానో ఇవ్వాలి. రెండు ఫొటోలూ కలిపి షీట్ పూర్తయ్యాక ఖాళీతో పని ఉండదు కాబట్టి, ప్రింటింగ్‌కు జేపెగ్ పంపితే ఏ ఇబ్బందీ లేదు.

గళ్లు అసలు కనిపించకపోతే తప్పు లేయర్‌లో ఉంది. ఫొటో తెరవగానే వచ్చే Background లేయర్ తాళం వేసి ఉంటుంది, దానిలో ఖాళీ పుట్టదు. Delete నొక్కితే దేనితో నింపాలని అడుగుతుంది. అక్కడ Background Color ఎంచుకుంటే మామూలుగా తెలుపే నిండుతుంది, Content-Aware ఉంచి OK కొడితే పెళ్లికొడుకు చోట మండపం గోడ వచ్చి కూర్చుంటుంది! ఆ లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి Layer 0 గా మార్చుకుంటే ఆ గొడవ ఉండదు. ఇంట్లో ఫొటోషాప్ లేకపోతే బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే Photopea లో సాధన చేయండి, మెనూలు దాదాపు అలాగే ఉంటాయి. GIMP వాడితే ముందుగా Add Alpha Channel ఇవ్వాలి.

అయితే నేనైతే Delete వైపే వెళ్లను. మాస్క్ వేస్తాను. పెళ్లివాళ్లు ఆల్బమ్ చూసి “ఇక్కడ అబ్బాయినే ఉంచండి” అన్నారంటే, చెరిపేసిన పెళ్లికొడుకును మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తారు? Select మెనూలో Subject తో అతన్ని ఎంచుకుని, Alt పట్టుకుని లేయర్ మాస్క్ బటన్ నొక్కండి. ఎంచుకున్న భాగమే మాయమవుతుంది. మాస్క్‌లో నలుపు ఉన్నచోట ఖాళీ, తెలుపు ఉన్నచోట ఫొటో. తలంబ్రాల ఫొటోను దీని కింది లేయర్‌గా పెడితే ఖాళీలోంచి కనిపిస్తుంది. కింద ఉన్నదాన్ని ఎటు జరిపినా ఖాళీ కదలదు.

ఇక అంచులు. స్టూడియోవాళ్లు చూసింది అసలు ఇదేనని నా అనుమానం. మీ కోర్సులో మనిషిని కత్తిరించి వేరే బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టడం నేర్పి ఉంటారు. అక్కడ పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు అంటుకుని రాకుండా సెలెక్షన్‌ను ఒక పిక్సెల్ లోపలికి తగ్గిస్తాం. ఇక్కడ పని తిరగబడింది. మనిషి పోతాడు, చుట్టూ ఉన్నది మిగులుతుంది. అలవాటు కొద్దీ లోపలికి తగ్గిస్తే పెళ్లికొడుకు షేర్వాణీ అంచు మిగిలిపోయి, ఖాళీ చుట్టూ సన్నటి తెల్ల గీతలా కనిపిస్తుంది. ముదురు ఎరుపు మండపం మీద ఆ గీత ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ఇక్కడ ఖాళీని ఒకటి రెండు పిక్సెల్స్ బయటికి పెంచాలి. మాస్క్ మీద క్లిక్ చేసి Filter > Other > Minimum లో 1 ఇస్తే నలుపు ఆ మేరకు విస్తరిస్తుంది. గీత ఇంకా ఉంటే 2. అంతకు మించితే తలపాగా మడతలు, వేళ్లు గుండ్రంగా మొద్దుబారిపోతాయి.

సరిగ్గా వచ్చిందో లేదో తలంబ్రాల ఫొటో పెట్టి చూస్తే తెలియదు, దానిలోని రంగుల్లో తప్పులు దాక్కుంటాయి. కింద తాత్కాలికంగా ఒక ఆకుపచ్చ లేయర్ నింపి, 100 శాతం జూమ్‌లో అంచు వెంట ఒక చుట్టు తిరగండి. మిగిలిపోయిన గీతలన్నీ బయటపడతాయి. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే చేతికీ ఒంటికీ మధ్య ముక్కోణంలా సందు ఉంటుంది కదా, దాన్ని Subject చాలాసార్లు మనిషిలో కలిపేస్తుంది. అక్కడ మాస్క్‌లో తెలుపు పూసి మండపాన్ని వెనక్కి తేవాలి. ఆ సందు మూసుకుపోతే ఆకారం మనిషిలా కాక మూటలా కనిపిస్తుంది.

లోపలి ఫొటో ఎంపిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడ టెక్నిక్ అంతా బాగా చేసి బొమ్మ పాడుచేస్తారు. ఒక లెక్క చూడండి. షీట్ ఎత్తు 12 అంగుళాలు, 300 డీపీఐ అంటే 3600 పిక్సెల్స్. పెళ్లికొడుకు అందులో మూడొంతులు అనుకుంటే ఖాళీ ఎత్తు 2700. తలంబ్రాల ఫొటో కెమెరా నుంచి 6000×4000 సైజులో అడ్డంగా వస్తే హాయిగా సరిపోతుంది, ఇంకా తగ్గించుకోవచ్చు కూడా. అదే ఫొటో వాట్సాప్‌లో తిరిగి 1600×1067 గా వస్తే ఎత్తు సరిపెట్టడానికి రెండున్నర రెట్లు సాగదీయాలి. స్క్రీన్ మీద పరవాలేదనిపిస్తుంది, ప్రింట్‌లో ముఖాలు మసకబారతాయి. ఒరిజినల్ అడగడానికి మొహమాటపడకండి.

ఇంకో చిక్కు ఆకారంలోనే ఉంది. నిలబడ్డ మనిషి ఖాళీ సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మెడ దగ్గర మరీ ఇరుకు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ముఖాలు అందులో పట్టవు, ఒకటి తప్పకుండా తెగుతుంది. పెళ్లికూతురు దోసిలి ఎత్తి తలంబ్రాలు పోస్తున్న ఫొటో అయితే పైనుంచి కిందికి సాగుతుంది, ముఖం ఛాతీ భాగంలో పడేలా జరిపితే చాలు. తల భాగంలో ముఖం పెట్టొద్దు. మొండెం ఒకరిది, ముఖం ఇంకొకరిది అన్నట్టు ఉంటుంది, పెళ్లివాళ్లు నవ్వుతారు.

పై లేయర్‌కు Drop Shadow కొద్దిగా ఇస్తే నీడ ఖాళీ లోపల పడి లోతు వస్తుంది. ఇది మీ ఇష్టం, నాకైతే 30 శాతం దాటితే నచ్చదు.

ఒక వారం పది రోజులు రోజుకొకటి చొప్పున వేరువేరు ఫొటోలతో ఇది చేయండి. కొంగు పల్చగా ఉన్న చీర, పూలజడ లాంటివి చివరికి ఉంచుకోండి. వాటి అంచులు సగం పారదర్శకంగా ఉంటాయి కాబట్టి మాస్క్‌లో బూడిద రంగుతో చేత్తో సరిదిద్దాలి, మొదటివారం మీకు అవి విసుగే తెప్పిస్తాయి. తర్వాత బాగా వచ్చినవి మూడు తీసుకుని అదే స్టూడియోకు వెళ్లండి. జేపెగ్‌లతో పాటు లేయర్లు, మాస్క్ కలిసి ఉన్న PSD ఫైళ్లు కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. అనుభవం ఉన్న డిజైనర్ మీ బొమ్మ కంటే ముందు లేయర్స్ ప్యానెలే తెరుస్తాడు. Alt పట్టుకుని మాస్క్ మీద నొక్కి, నలుపు తెలుపుల్లో మీ అంచు ఎలా ఉందో చూస్తాడు.