ఆసామి వాటా తీసే ముందు పెట్టుబడి లెక్క

చిరంజీవి శ్రీనుకు బాబాయి ఆశీస్సులు.

రెండెకరాల్లో మిర్చి పాలుకు చేస్తున్నావని, పెట్టుబడి పోను మిగిలినదాంట్లో ఆసామికి పావు వంతని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒప్పందం బాగానే ఉంది. కానీ పెట్టుబడి అంటే ఏమేమిటో నారు పోయకముందే ఆయనతో కూర్చుని తేల్చుకో.

నారు, దుక్కి, ఎరువులు, మందులు, కోత కూలీల మీద ఎవరూ పేచీ పెట్టరు. పేచీ వచ్చేది వడ్డీ దగ్గర. 40 క్వింటాళ్లు పండి, క్వింటా 14,000 పలికిందనుకో, 5,60,000 వస్తాయి. ఖర్చు 3,20,000 పోతే మిగిలేది 2,40,000. ఆసామికి 60,000, నీకు 1,80,000. అయితే నువ్వు రెండు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఎనిమిది నెలలకు తీర్చావంటే వడ్డీయే 32,000. అదీ ఖర్చులో కలిస్తే మిగులు 2,08,000, ఆయన పాలు 52,000. కలపకపోతే వడ్డీ మొత్తం నీ వాటాలోంచే పోతుంది, నీకు 8,000 తక్కువ. అందుకే ఈ మాట ముందే అడుగు. నీ ఇంటివాళ్ల కూలి మాత్రం ఖర్చులో వేయమని అడగొద్దు. మూడు వంతులు నీకు వస్తున్నది ఆ కష్టానికే గదా.

ఇంకో సంగతి. అదే పంటకు ధర 8,000 పలికితే వచ్చేది 3,20,000, అంటే మిగులు సున్నా. ఆసామికి ఏమీ రాదు. అంతకన్నా తగ్గితే నష్టం నీ ఒక్కడిదే. మళ్లీ ఏడూ అదే చేను చేసేట్టయితే, ఆ నష్టం వచ్చే ఏడు లెక్కలో ముందు పోతుందో లేదో ఇప్పుడే మాట్లాడుకో.

రాబడి లెక్కకు యార్డులో ఇచ్చే తక్‌పట్టీలే ఆధారం. ఎర్రకాయవే కాదు, తాలుకాయ అమ్మినవీ చూపించు. దాచావన్న అనుమానం ఒక్కసారి పడితే మళ్లీ ఆ చేను నీకు రాదు. కమీషన్, హమాలీ తక్‌పట్టీలోనే కోసేసి ఉంటే, వాటిని నీ ఖర్చుల్లో మళ్లీ రాయకు. తెలియక నేనొక ఏడు అలా రెండుసార్లు రాశాను. ఆసామి పట్టుకున్నాడు. నిజంగా పొరపాటేనని ఆయన నమ్మడానికి రెండేళ్లు పట్టింది.

మందుల కొట్టు బిల్లు అట్టపెట్టెలో పడేసి ఊరుకోకు. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు ఉగాదికల్లా వెలిసిపోతాయి. కొన్న రోజే ఫోటో తీసి, పుస్తకంలో తేదీ, మందు పేరు, మొత్తం రాయి. నెలకోసారి ఆ పుస్తకం ఆసామికి చూపించి సంతకం పెట్టించుకో. అన్నీ చివర్లో ఒకేసారి చూపిస్తే ఏ ఆసామికైనా ఖర్చు ఎక్కువగానే కనిపిస్తుంది.

సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టాలనుకుంటే ఆయన్ని అడిగాకే పెట్టు. అద్దె ఖర్చులోకే వెళ్తుంది, ఆయన పాలు డబ్బూ అన్నాళ్లు ఆగుతుంది.

మొదటి కోత అయ్యాక ఆ పుస్తకం తీసుకుని ఒకసారి రా, కలిసి చూద్దాం.

మీ బాబాయి