‘తప్పుగా ముద్రింపబడినవి’ అంటే ఎవరు ముద్రించినట్టు?

సందేహం: మాది హనుమకొండలో చిన్న చీరల షాపు. బతుకమ్మ ముందు ఇన్‌స్టాలో, వాట్సాప్‌లో ఒక నారాయణపేట చీర ఫోటో పెట్టి రూ. 2,850కి బదులు రూ. 2,350 అని వేసినం. ఆఫర్ చివరి రోజు 15 ఆదివారం అయితే 14 ఆదివారం అని పడ్డది. సాయంత్రం చూసుకొని ఇట్ల పెట్టినం: ‘సవరణ: సాంకేతిక కారణాల వల్ల ధర, తేదీ తప్పుగా ముద్రింపబడినవి. సవరించిన ధర రూ. 2,850. ఆఫర్ 15 వరకు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. గమనించగలరు.’ తెల్లారి వచ్చినోళ్లంతా ‘పండుగ అని రేటు పెంచిన్రా?’ అంటున్నరు. మేం రూపాయి పెంచలే. మా తెలుగులో తప్పెక్కడుంది?

సమాధానం: మీ ఉత్తరంలో తెలుగు బాగుంది. మీ సవరణలోనే చెడింది. నాకు రాసేటప్పుడు ‘2,350 అని వేసినం’ అన్నారు. ఆ ‘వేసినం’లో చివరనున్న ‘నం’ చాలు, వేసింది మీరేనని తెలిసిపోతుంది. తెలుగు క్రియకు ఉన్న సౌకర్యం ఇది. ‘మేము’ అని విడిగా అనకపోయినా రాశాం, వేశాం, పెట్టాం అనే మాటల్లో మనిషి దాగి ఉంటాడు. కొనేవాళ్లకు రాసేసరికి అదే పని ‘ముద్రింపబడినవి’ అయింది. ఇందులో మీరు లేరు. ధర తనంతట తానే వచ్చి ఫోటో మీద కూర్చున్నట్టు ఉంది. పైగా అక్కడ ముద్రణ ఎక్కడిది? ఫోన్‌లో వేలితో కొట్టిన అంకె అది. ‘సాంకేతిక కారణం’ కూడా అంతే. 8కి బదులు 3 కొట్టడం సాంకేతిక కారణం కాదు, చేతి పొరపాటు. చదివేవాళ్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లూ రోజూ అదే ఫోన్‌లో కొడుతుంటారు.

తేదీ దగ్గరికొచ్చేసరికి మీరు నాకు రాసిన ఉత్తరంలో కూడా జారారు, చూశారా? ధర ‘వేసినం’, తేదీ మాత్రం ‘పడ్డది’! ఇది మీ ఒక్కరి అలవాటు కాదు, భాషలోనే ఉంది. ‘పొరపాటు దొర్లింది’ అంటాం, అదేదో గుట్ట మీది బండ దొర్లినట్టు. ఇంట్లో, వాకిట్లో అలా అంటే తప్పేమీ లేదు, ఎందుకంటే అనే మనిషి ఎదురుగా ఉంటాడు. మన దగ్గర ఇంకో మంచి పద్ధతి ఉంది: ‘మాతోని తప్పైంది’ అంటారు. క్రియ ‘అయింది’ అనే చెప్పినా, ‘మాతోని’ అనే మాట మనిషిని మళ్లీ వాక్యంలోకి తెచ్చి నిలబెడుతుంది. రాతలో ‘మాతో తప్పైంది’ అన్నా అంతే. ‘ముద్రింపబడినవి’కి ఆ ఆసరా కూడా లేదు.

అయితే రేటు పెంచారన్న అనుమానం దీనివల్ల రాలేదు. అది ‘సవరించిన ధర’ వల్ల వచ్చింది. సవరించడం అంటే సరిచేయడమనే మీరు వాడారు, అర్థం తప్పు కాదు. కానీ మాటకు నిఘంటువులో ఒక బతుకు, బజార్లో ఒక బతుకు. బస్సు చార్జీలు, కరెంటు చార్జీలు, పాల ధరలు పెంచినప్పుడల్లా ప్రకటనల్లో ‘సవరించిన ధరలు’ అనే వస్తుంది. అందుకే జనం చెవికి ఆ మాట ‘పెంచిన ధర’ అనే వినిపిస్తుంది. పేపర్ చదివే ఏ ఇంటాయనకైనా ఈ అనువాదం నోటికి వచ్చు.

ఇందులో ఇంకో చిక్కుంది. రాజ్యాంగ సవరణ అన్నప్పుడు, అంతకుముందున్న వాక్యాన్ని ఎవరో పొరపాటున రాశారని కాదు. అది అప్పటిదాకా చెల్లింది, ఇప్పుడు మార్చారు, అంతే. కాబట్టి సవరణ అనే మాట రెండు పనులకూ సరిపోతుంది: చెల్లిన దాన్ని మార్చడానికి, తప్పు రాసిన దాన్ని దిద్దడానికి. మీకు కావలసింది రెండోది. మీ వాక్యం రెంటికీ తలుపు తెరిచి పెట్టింది, చదివేవాళ్లు మొదటి తలుపులోంచి వెళ్లారు. మీరు ‘పాత ధర, కొత్త ధర’ అని రాసి ఉంటే ఇంకా అన్యాయమయ్యేది. 2,350 ఏనాడూ మీ ధర కాదు. దాన్ని ‘పాత ధర’ అంటే ఒకప్పుడు ఆ ధరకు అమ్మామని మీరే సాక్ష్యం చెప్పినట్టు. దాన్ని ‘తప్పుగా రాసిన ధర’ అనండి, లేదంటే ‘ఫోటోలో ఉన్న ధర’ అనండి.

వెనకటి పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని వరసలు. అచ్చుపని వాళ్ల ఆ అలవాటు ఇప్పటికీ పనికొస్తుంది, ఎందుకంటే అందులో తప్పునూ ఒప్పునూ పక్కపక్కనే చూపించేవారు. మీ సవరణలో ఒప్పు ఉంది, తప్పు లేదు. 2,350 అనే అంకె ఎక్కడా రాలేదు. మొదటి ఫోటో ఈపాటికి పది గ్రూపుల్లో తిరుగుతుంటుంది. పరకాలలోనో నర్సంపేటలోనో దాన్ని చూసినావిడకు మీ సవరణ అందినా, అది ఏ చీర గురించో, తాను చూసిన అంకె గురించో కాదో తెలియదు. అందుకని తప్పు అంకెను కూడా చెప్పాలి. కాకపోతే దాన్ని ముందు పెట్టకండి. ఫోన్‌లో మొదటి ఒకటి రెండు వరసలే కనిపిస్తాయి, మిగతాది వేలితో నొక్కితే గానీ రాదు. అక్కడ 2,350 ఉంటే మళ్లీ అదే మనసులో నాటుకుంటుంది. ఒప్పు ముందు, తప్పు తర్వాత.

తప్పు, పొరపాటు ఒకటేనా అని మీరు అడగలేదు గానీ, ఇక్కడ తేడా పనికొస్తుంది. తడబడితే తడబాటు, ఏర్పడితే ఏర్పాటు, అలాగే పొరపడితే పొరపాటు. ఒక మనిషి ఒకటనుకొని ఇంకొకటి చేయడం అది. ‘తప్పు’ అనే క్రియ వేరు: దారి తప్పడం, గురి తప్పడం, మాట తప్పడం. 8ని 3 చేయడం మీ పొరపాటు. ఆ 3 చూసి ఆర్డర్ చెప్పిన మనిషికి చీర ఇవ్వనంటే అది వాళ్ల లెక్కలో మాట తప్పడం. వచ్చినవాళ్ల కోపం మొదటిదాని మీద కాదు, రెండోది జరుగుతుందేమోనన్న టెన్షన్‌తో. మీ సవరణ ఈ రెండోదాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. దానికి బదులు ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అంది. జనగామ నుంచి బస్సెక్కి వచ్చినావిడకు కలిగింది అసౌకర్యం కాదు, చార్జీ ఖర్చు, ఒక పూట పని. చింతించడం అంటే మన మాటల్లో దిగులుపడటం. మీరు దిగులుపడితే ఆమెకేం లాభం? ఆమె తెలుసుకోవాలనుకునేది, చీర ఎంతకిస్తారు అని.

అది మీరు నిర్ణయించుకోవలసిన విషయం, వ్యాకరణం కాదు. అయితే ఏ నిర్ణయమైనా స్పష్టంగా రాయొచ్చు. 2,350 నమ్మదగిన ధర, అంత తేడా రైలు స్టేషన్ దగ్గర ఒక షాపుకీ చౌరస్తాలో ఇంకో షాపుకీ ఉంటుంది. 285 అని పడి ఉంటే చూసినవాళ్లే నవ్వి ఊరుకునేవారు. నమ్మి ఆర్డర్ చెప్పినవాళ్లు పదిమంది ఉన్నారనుకుందాం. చీరకు 500 చొప్పున మీకు పడేది 5,000. భరించగలిగితే వాళ్లకు ఆ ధరకే ఇస్తామని, ఏ రోజు ఎన్ని గంటల లోపు చెప్పినవాళ్లకో రాయండి. భరించలేకపోతే ‘ఆ ధరకు ఇవ్వలేం, ముందు కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఇస్తాం’ అనండి. రెండింట్లోనూ క్రియ ‘ఇస్తాం’, ‘ఇవ్వలేం’ అనే ఉండాలి. ‘ఇవ్వబడును’ అని రాస్తే ఎవరిస్తారో మళ్లీ తెలియదు.

ఇచ్చే నిర్ణయం తీసుకున్నారనుకొని, నేనైతే ఇలా రాస్తాను:

‘ఈ నారాయణపేట చీర ధర రూ. 2,850 (రెండు వేల ఎనిమిది వందల యాభై). నిన్న పొద్దున పెట్టిన ఫోటోలో మేమే పొరపాటున రూ. 2,350 అని రాశాం. ధర పెంచలేదు, చీర మీది చీటీలో మొదటి నుంచీ 2,850 అనే ఉంది. ఆ ఫోటో చూసి నిన్న రాత్రి 8 గంటల లోపు ఆర్డర్ చెప్పినవారికి ఫోటోలో ఉన్న రూ. 2,350కే ఇస్తాం. ఆఫర్ చివరి రోజు ఆదివారమే, తేదీ మాత్రం 15. 14 అని తప్పు రాశాం. ఆ రోజు రాత్రి షాపు మూసేదాకా ఆఫర్ ఉంటుంది. మన్నించండి.’

ధరను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాను. బ్యాంకు చెక్కు మీద రాసే కారణమే ఇక్కడా: 8, 3 కలిసిపోవచ్చు గానీ ఎనిమిది, మూడు కలిసిపోవు. చీటీ మాట నిజమైతేనే ఉంచండి, ఎందుకంటే వచ్చినవాళ్లు ముందు ఆ చీటీనే తిప్పి చూస్తారు. ‘గమనించగలరు’ తీసేశాను. ‘గలరు’ అంటే చేయగల శక్తి ఉన్నవారని. ఆఫీసుల తెలుగు దాన్ని మర్యాదైన ఆజ్ఞగా మార్చింది. తప్పు రాసింది మీరు, గమనించాల్సిన పని వాళ్లదా? ‘క్షమించండి’ అన్నా పరవాలేదు గానీ చీర దగ్గర ‘మన్నించండి’ సరిపోతుంది, అదీ ఒక్కసారే.

ఇక తేదీ. 14 ఆదివారం అని చదివినవాళ్లకు తేదీ తప్పా, వారం తప్పా తెలియదు. సగం మంది 14 శనివారం అనుకుంటారు, సగం మంది ఆదివారాన్నే పట్టుకుంటారు. మీ సవరణలో ‘ఆఫర్ 15 వరకు’ అని మాత్రమే ఉంది, వారం మాటే లేదు. కాబట్టి చదివేవాళ్లు ఆదివారం కూడా మారి సోమవారం అయిందేమో అనుకోవచ్చు. మారినదాన్ని చెప్పడం ఎంత అవసరమో మారనిదాన్ని చెప్పడమూ అంతే. దానికి తెలుగులో ఒక్క అక్షరం చాలు: ‘ఆదివారమే’లోని ఏకారం. ‘15 వరకు’లో 15 కలుస్తుందా అనే పేచీ కూడా రోజూ వినేదే. వరకు, దాకా అంటే సాధారణంగా ఆ రోజు కలిసే లెక్క. కానీ ‘15 లోపు’ అంటే కొందరు 14తోనే ఆపేస్తారు. అందుకే తేదీ పక్కన ‘ఆ రోజు రాత్రి షాపు మూసేదాకా’ అని చేర్చాను. గంటల విషయంలో ‘8 లోపు’ అన్నాను, అక్కడ ఆ కచ్చితత్వమే కావాలి, లేకపోతే ఎనిమిదిన్నరకు ఫోన్ చేసినావిడతో మళ్లీ పంచాయితీ.