ఆదివారం ఫ్లాటు చూపించబోయే అల్లుడికి

అల్లుడూ,

తిరుపతి కొర్లగుంటలో అమ్మకానికి ఉన్న ఫ్లాటు కోసం ఎనిమిది మంది ఫోన్ చేశారనీ, అందరినీ ఆదివారం పదింటికి రమ్మన్నావనీ మీ అమ్మ చెప్పింది. ముందు ఆ పదింటి మాట మార్చు. నాలుగు కుటుంబాలు ఒక్కసారి లోపలికి వస్తే ఎవరూ ఇల్లు సరిగ్గా చూడలేరు. పైగా లిఫ్టు దగ్గర వాళ్ళలో వాళ్ళే రేటు మాట్లాడేసుకుంటారు.

ఒక్కో పార్టీకి అరగంట పెట్టు. ఇరవై నిమిషాలు వాళ్ళకు, పది నిమిషాలు నీకు. ఆదివారం యమగండం 12 నుంచి 1:30 దాకా, రాహుకాలం 4:30 నుంచి 6 దాకా. నువ్వు పట్టించుకోకపోయినా, కొనబోయే ఇంటి గడప తొక్కేటప్పుడు మన వైపు పెద్దవాళ్ళు తప్పకుండా చూసుకుంటారు. అందుకని పొద్దున 9:30 నుంచి ఐదు పార్టీలు, మధ్యాహ్నం 2:30 నుంచి మూడు పార్టీలు. నాలుగింటి వేళ ఖాళీగా ఉంచు. కొండ దిగడం ఆలస్యమైందనో, రేణిగుంటలో రైలు లేటనో ఒకరైనా ఆ వేళకు వస్తారు. శనివారం సాయంత్రం అందరికీ ఫోన్ చేసి టైం మళ్ళీ చెప్పు. అపార్ట్‌మెంటు గేటు దాకా మాత్రమే లొకేషన్ పంపు. ఫ్లాటు నంబరు గేటు దగ్గరికి వచ్చాకే చెప్పాలి.

ఇక పేర్లు రాయించుకోవడం. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను, నువ్వు తినకూడదు. మొదట్లో హాల్లో టీపాయ్ మీద రూళ్ళ నోటుబుక్కు పెట్టేవాణ్ణి. వచ్చినవాళ్ళు వరసగా పేరు, నంబరు రాసేవాళ్ళు. ఒకసారి కొనేవాడిలా వచ్చిన మనిషి ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుపోయాడు. సోమవారానికల్లా నా పార్టీలన్నిటికీ వేరే ఫ్లాట్ల ఫోన్లు వెళ్ళాయి. ఒకావిడ నన్ను నిలదీసింది, "మీకు నమ్మి ఇచ్చిన నంబరు ఊరందరికీ ఎలా పోయింది?" అని. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి కార్బన్ పెట్టి రాసే బిల్లు పుస్తకమే వాడుతున్నాను. పార్టీకి ఒక స్లిప్పు. పేరు, ఫోను, ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్ళారు, ఎవరు పంపారు, సంతకం. స్లిప్పు వాళ్ళ చేతికి, కాపీ నీకు. ముందు పార్టీ పేరు తర్వాతి పార్టీ కంట పడదు. రాసిన నంబరుకు అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. వాళ్ళ చేతిలో ఫోను మోగకపోతే మర్యాదగా నంబరు మళ్ళీ అడుగు. ఆధార్ కార్డు చూపించమను చాలు, జిరాక్సు తీసుకోవద్దు, అది దాచే బాధ్యత నీకెందుకు? "ఎవరు పంపారు" అన్న గడి మాత్రం ఖాళీగా వదలకు. ఒకే పార్టీని నేనే తెచ్చానని రేపు ఇద్దరు బ్రోకర్లు కమీషన్‌కి నిలబడితే, తేదీ, టైం, సంతకం ఉన్న ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఓనరు కుటుంబం ఆ పూటకు బంధువుల ఇంటికి వెళ్ళడం మంచిది. బంగారం, పాసుబుక్కులు, మాత్రలు, ఇంటి డాక్యుమెంట్లు బీరువాలో పెట్టి, తాళంచెవి వాళ్ళే తీసుకెళ్ళాలి. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కట్టేయమను. నువ్వొక్కడివే ఉండకు, మీ తమ్ముణ్ణి తలుపు దగ్గర కూర్చోబెట్టు. వచ్చినవాళ్ళు ఎంతమందైనా నీతోపాటు ఒకే గుంపుగా గది గది తిరగాలి. ఒకరు బాల్కనీలో నిన్ను మాటల్లో పెడుతుంటే ఇంకొకరు బాత్రూం చూస్తామని వెళ్ళారంటే, మాట ఆపి అందరితో కలిసి అటే నడువు. నీ పది నిమిషాల్లో చేయాల్సిన మొదటి పని బాత్రూం, వంటింటి కిటికీల గడియలు చూడడం. ఎవరైనా గడియ తీసి పెట్టిపోతే రాత్రికి గానీ తెలియదు. డాబా మీదికి వెళ్తామంటే పిల్లల చెయ్యి పెద్దవాళ్ళు పట్టుకున్నాకే మెట్లెక్కించు.

సాయంత్రం ఆరు దాటాక, స్లిప్పులు ముందు పెట్టుకుని ఎనిమిది మందికీ ఫోన్ చెయ్యి. "తీసుకుంటారా?" అని అడగొద్దు. "ఇంట్లో మీకు ఏది సరిపోలేదు?" అని అడుగు. మనసులో ఉన్నది అప్పుడే బయటికి వస్తుంది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కాపీ వెనక రాసుకో. నలుగురు వంటిల్లు చీకటిగా ఉందంటే అది రేటు గొడవ కాదు, ఓనరు ఒక లైటు పెట్టించాల్సిన పని. ఇంటి మీద తాకట్టులేమైనా ఉన్నాయా అని చూపే ఈసీ, పాత ఓనర్ల లింకు డాక్యుమెంట్లు అడిగినవాళ్ళే నిజంగా ఆలోచిస్తున్నవాళ్ళు. వాళ్ళకు బుధవారం రెండో ఫోను చెయ్యి. వద్దన్నవాళ్ళకు మళ్ళీ చెయ్యొద్దు. వేరే పార్టీ అడ్వాన్సు ఇస్తోందని లేని మాట ఎప్పుడూ అనకు. తిరుపతి చిన్న ఊరు, రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

నా దగ్గర కొత్త బిల్లు పుస్తకం ఒకటి ఉంది. శనివారం భోజనానికి వచ్చి తీసుకెళ్ళు, అత్త కూడా నిన్ను అడుగుతోంది.

మీ మామ